ప్రాజెక్టు చివర యంత్రం అమ్మితే పన్ను ఎంత? ఆదోని జిన్నింగ్ మిల్లు లెక్కతో ఒక సమగ్ర మార్గదర్శి

కొత్త యూనిట్ పెట్టే ముందు వేసుకునే అంచనా పట్టికలో చివరి ఏడాది దగ్గర ఒక వరస ఉంటుంది: యంత్రం అమ్మితే వచ్చే డబ్బు. చాలామంది అక్కడ అమ్మకం ధరను అలాగే రాసి ముందుకు వెళ్లిపోతారు. కొంచెం జాగ్రత్త ఉన్నవారు పుస్తక విలువ కన్నా ఎక్కువకు అమ్మితే పన్ను తీసివేస్తారు, తక్కువకు అమ్మితే పన్ను ఆదా కలుపుతారు. వాణిజ్య పాఠ్యపుస్తకాలు నేర్పేది ఈ రెండో పద్ధతే. మన ఆదాయపు పన్ను చట్టం కింద అది కూడా అన్నిచోట్లా సరిపోదు. ఒకే యంత్రాన్ని ఒకే ధరకు అమ్మినా, అది ఏ సంస్థ పేరు మీద ఉంది, ఆ సంస్థకు ఇంకా ఏ యంత్రాలు ఉన్నాయి, ఏ తేదీన అమ్మారు అనే వాటిని బట్టి చేతికి మిగిలేది మారుతుంది. తక్కువకు అమ్మినప్పుడు వస్తుందనుకున్న పన్ను ఆదా కొన్ని సందర్భాల్లో అసలు రానే రాదు.

లెక్క కోసం కర్నూలు జిల్లా ఆదోనిలో ఒక భాగస్వామ్య సంస్థను ఊహించుకుందాం. ఆదోని పేరున్న పత్తి మార్కెట్. అక్కడ పత్తి నుంచి గింజ వేరుచేసి, దూదిని బేళ్లుగా కట్టే మిల్లులు ఉన్నాయి. మన సంస్థ గుంటూరు నుంచి ఒక వాడిన బేల్ ప్రెస్సును 36 లక్షలకు కొన్నది. రవాణాకు, పునాదికి, బిగింపుకు మరో 4 లక్షలయింది. ప్రెస్సు ఆగస్టులో పనిలోకి వచ్చింది. ఐదు సంవత్సరాలు నడిపి అమ్మేయాలన్నది పథకం.

మొదటి మెట్టు: ఏ పుస్తకంలోని విలువ?

సంస్థ తన ఖాతాల్లో చూపే విలువ ఒకటి, పన్ను లెక్కలో మిగిలే విలువ మరొకటి. అమ్మకం ధరను పోల్చవలసింది రెండోదానితో. తప్పులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి కాబట్టి దీని మీద కాస్త నిలుద్దాం.

మన సంస్థ తన ఖాతాల్లో ప్రెస్సును పదేళ్లలో సమాన వాయిదాలుగా తగ్గించుకుంటూ పోతోంది అనుకుందాం. అసలు ఖరీదు 40 లక్షలు, ఏటా 4 లక్షల తరుగుదల, ఐదేళ్ల తరువాత పుస్తక విలువ 20 లక్షలు. పన్ను లెక్కలో మాత్రం సాధారణ యంత్రాలకు ఏటా 15 శాతం తరుగుదల, అదీ గత ఏడాది మిగిలిన విలువ మీద. మొదటి ఏడాది 6 లక్షలు పోగా 34 లక్షలు మిగులుతాయి. రెండో ఏడాది చివర 28.90 లక్షలు, మూడో ఏడాది 24.57, నాలుగో ఏడాది 20.88, ఐదో ఏడాది చివర 17.75 లక్షలు.

ఇప్పుడు ప్రెస్సును 19 లక్షలకు అమ్మారనుకోండి. ఖాతా పుస్తకం లక్ష రూపాయల నష్టం చూపిస్తుంది. పన్ను లెక్కలో అదే అమ్మకం 1.25 లక్షలు ఎక్కువకు జరిగినట్టు. నష్టానికి అమ్మాం కదా, పన్నెందుకు అని యజమాని అడిగితే, అతని ముందు తప్పు పుస్తకం తెరిచి ఉందని అర్థం.

అసలు ఖరీదును సరిగ్గా పట్టుకోవడానికి మూడు విషయాలు చూసుకోవాలి. రవాణా, పునాది, బిగింపు ఖర్చులు ఖరీదులో కలుస్తాయి. తిరిగి రాబట్టుకున్న జీఎస్టీ కలవదు. మూడోది తేదీ. కొన్న ఏడాదిలో యంత్రాన్ని 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆ ఏడాది సగం తరుగుదలే వస్తుంది. జిన్నింగ్ వ్యాపారంలో ఇది ఊరికే చదివి వదిలేసే నిబంధన కాదు, ఎందుకంటే కొత్త పత్తి వచ్చేవేళకే చాలామంది యంత్రం మొదలుపెడతారు. అక్టోబరు మొదటి వారం దాటాక మొదలైతే మార్చి 31 నాటికి 180 రోజులు నిండవు. మన ప్రెస్సు ఆగస్టుకు బదులు నవంబరులో పనిలోకి వచ్చి ఉంటే మొదటి ఏడాది 3 లక్షలే తగ్గేవి, ఐదేళ్ల తరువాత 19.31 లక్షలు మిగిలేవి. అప్పుడు 19 లక్షల అమ్మకం పన్ను లెక్కలో కూడా కాస్త తక్కువకు అమ్మినట్టే అయ్యేది.

ఉదాహరణకు వాడిన యంత్రాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. తయారీ సంస్థలు పూర్తిగా కొత్త యంత్రం మీద, నిబంధనలకు లోబడి, మొదట్లో 20 శాతం అదనపు తరుగుదల తీసుకునే వీలు ఉంటూ వచ్చింది. వాడిన యంత్రానికి అది లేదు. మీరు అది తీసుకుని ఉంటే చివరి విలువ ఇంకా కిందికి దిగుతుంది, అమ్మినప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది.

రెండో మెట్టు: తేడా మీద పన్ను

ఎక్కువకు అమ్మితే పన్ను ఎందుకు పడుతుందో ముందు తెలియాలి. ఐదేళ్లలో ఈ ప్రెస్సు 22.25 లక్షలు అరిగిందని చెప్పి అంత మొత్తాన్ని లాభంలోంచి తగ్గించుకున్నాం, దాని మీద పన్ను కట్టలేదు. చివరికి 24 లక్షలు పలికిందంటే అది నిజంగా అరిగింది 16 లక్షలే. ఎక్కువగా తగ్గించుకున్న 6.25 లక్షల మీద ఇప్పుడు పన్ను అడుగుతున్నారు. తక్కువకు అమ్మితే ఇందుకు తిరుగు: తగ్గించుకోవలసిన దానికన్నా తక్కువ తగ్గించుకున్నాం కాబట్టి ఆ మిగులు మనకు రావాలి. పాఠ్యపుస్తకం సూత్రం ఈ వాదన మీదే నిలబడింది:

```
N = S - T * (S - B)
```

ఇందులో `S` అమ్మకం ధర, `B` పన్ను లెక్కలో మిగిలిన విలువ, `T` పన్ను రేటు, `N` చేతికి మిగిలేది. భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం. ఆదాయం కోటి దాటితే సర్‌చార్జి కూడా పడుతుంది, మన సంస్థ అంత దూరం వెళ్లలేదనుకుందాం.

24 లక్షలకు అమ్మితే తేడా 6.25 లక్షలు, పన్ను 1.95 లక్షలు, మిగిలేది 22.05 లక్షలు. 12 లక్షలకే అమ్ముడుపోతే తేడా 5.75 లక్షలు తక్కువ, పన్ను ఆదా 1.79 లక్షలు, మిగిలేది 13.79 లక్షలు. పరీక్ష రాసేవారికి జవాబు ఇక్కడితో పూర్తి. మిల్లు నడిపేవారు ఇంకో ప్రశ్న వేసుకోవాలి.

మూడో మెట్టు: ఈ యంత్రం ఒంటరిదా, గుంపులోదా?

మన చట్టం తరుగుదలను ఒక్కో యంత్రానికి విడిగా లెక్కించదు. ఒకే తరగతికి చెంది, ఒకే రేటు ఉన్న ఆస్తులన్నిటినీ ఒక బ్లాకుగా కలిపేస్తుంది. 15 శాతం రేటున్న యంత్రాలన్నీ ఒక బ్లాకు. జిన్ యంత్రాలు, మోటార్లు, జనరేటరు, తూకం యంత్రం అన్నీ అందులోకే వస్తాయి. సంస్థ పేరు మీద కొని సంస్థ పనికి వాడే కారుకూ మామూలుగా ఇదే రేటు కాబట్టి అదీ అందులోకే వస్తుంది. ఫర్నిచరు, కంప్యూటర్లు, భవనాలు వేరే బ్లాకులు. స్థలానికి తరుగుదలే లేదు కనుక దాని లెక్క పూర్తిగా వేరు.

బ్లాకులోని ఒక యంత్రాన్ని అమ్మితే, ఆ అమ్మకం ధర మొత్తాన్ని బ్లాకు విలువలోంచి తీసేస్తారు. ఆ యంత్రం వంతు ఎంత అని ఎవరూ అడగరు. అందుకే బ్లాకు మిగిలి ఉన్నంతవరకు అమ్మకం రోజున లాభమూ పుట్టదు, నష్టమూ పుట్టదు. ఒక్క మినహాయింపు: ఆ ఒక్క అమ్మకం ధరే బ్లాకు మొత్తం విలువను దాటిపోతే, దాటినంత మేరకు అప్పుడే పన్ను పడుతుంది.

మన సంస్థకు ప్రెస్సు కాక ఇతర యంత్రాల విలువ 60 లక్షలు ఉందనుకుందాం. ప్రెస్సుతో కలిపి బ్లాకు 77.75 లక్షలు. ప్రెస్సును 24 లక్షలకు అమ్మితే బ్లాకు 53.75 లక్షలకు దిగుతుంది. అంటే 60 ఉండవలసిన చోట 6.25 లక్షలు తక్కువ. ఈ తగ్గుదల వల్ల మరుసటి ఏడాది తరుగుదల సుమారు 94 వేలు తగ్గుతుంది, పన్ను 29 వేల చిల్లర పెరుగుతుంది. ఆ తరువాతి ఏడాది అందులో 85 శాతం, ఇలా తగ్గుతూ పోతుంది. 1.95 లక్షల పన్ను తప్పలేదు, కాకపోతే ఏళ్ల తరబడి చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది.

ఆ ముక్కలన్నిటి నేటి విలువ కట్టడానికి ప్రతి ఏడాదినీ విడిగా రాయనక్కరలేదు. `d` తరుగుదల రేటు, `r` మీరు ఆశించే రాబడి రేటు అయితే, పన్నును ఈ గుణకంతో గుణిస్తే చాలు:

```
d / (r + d)
```

రాబడి 12 శాతం అనుకుంటే 0.15 ను 0.27 తో భాగించాలి, అంటే 0.556. 1.95 లక్షల పన్ను భారం అమ్మిన రోజు విలువలో 1.08 లక్షలకు దిగుతుంది. తక్కువకు అమ్మినప్పుడు ఇదే గుణకం మనకు ఎదురు తిరుగుతుంది. 12 లక్షల అమ్మకంలో వస్తుందనుకున్న 1.79 లక్షల ఆదా నిజానికి ఒక లక్షకు సమానం. ఈ గుణకం పనిచేయాలంటే అమ్మకం ప్రభావం మరుసటి ఏడాది నుంచి మొదలవ్వాలి, సంస్థ లాభాల్లో నడుస్తూ పన్ను కడుతూ ఉండాలి. వ్యాపారమే ఆగిపోతే కాగితం మీద బ్లాకు మిగిలినా తగ్గించుకోవడానికి లాభం ఉండదు.

నాలుగో మెట్టు: బ్లాకు ఖాళీ అయితే

ఇప్పుడు అదే ప్రెస్సును ఈ ప్రాజెక్టు కోసమే పెట్టిన కొత్త సంస్థ పేరు మీద కొన్నారనుకోండి. మిగతా యంత్రాలన్నీ అద్దెవి. ప్రెస్సు అమ్మగానే బ్లాకులో ఒక్క ఆస్తి కూడా మిగలదు. 1961 నాటి చట్టంలో 50వ సెక్షను ఈ పరిస్థితికే ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి, కాబట్టి పాత సంఖ్యతో వెతకవద్దు.

24 లక్షలకు అమ్మితే 6.25 లక్షలూ స్వల్పకాలిక మూలధన లాభం అవుతుంది. యంత్రం ఐదేళ్లు మన దగ్గర ఉన్నా సరే, తరుగుదల తీసుకున్న ఆస్తి కాబట్టి స్వల్పకాలికమే. సంస్థకు మామూలు రేటు పడుతుంది, పన్ను 1.95 లక్షలు. పాఠ్యపుస్తకం జవాబూ ఇదే.

12 లక్షలకు అమ్మితే మాత్రం దారి మారుతుంది. 5.75 లక్షల తేడా స్వల్పకాలిక మూలధన నష్టం అవుతుంది. మూలధన నష్టాన్ని మూలధన లాభంతోనే సర్దుకోవాలి, జిన్నింగ్ లాభంతో సర్దుకోవడానికి వీలులేదు. మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకుపోవచ్చు, అదీ ఆ ఏడాది రిటర్ను గడువులోగా వేస్తేనే. మిల్లు స్థలమో మరో ఆస్తో లాభానికి అమ్మే ఆలోచన సంస్థకు లేకపోతే ఆ నష్టం కాగితం మీదే ఉండిపోతుంది. అప్పుడు చేతికి మిగిలేది 13.79 లక్షలు కాదు, 12 లక్షలే.

ప్రాజెక్టు అంచనాల్లో నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపించేది ఇదే. ధర బాగా పలికితే పన్ను పూర్తిగా పడుతుంది, ధర పడిపోతే ఆదరువు దొరకదు. యంత్రం చివరి ధర మీద నమ్మకం తక్కువగా ఉన్నప్పుడు, ఒక్క ప్రాజెక్టు కోసం వేరే సంస్థ పెట్టడానికి ముందే ఈ విషయం తూచుకోవాలి.

బ్లాకును ఖాళీ కానివ్వకపోవడమే దీనికి మందు. అదే బ్లాకులోకి వచ్చే ఒక తూకం యంత్రమో కారో సంస్థ పేరు మీద ఉండి, వ్యాపారం ఏదో ఒక రూపంలో కొనసాగుతూ ఉంటే, మిగిలిన 5.75 లక్షలు బ్లాకులోనే నిలిచి ఏటా తరుగుదల ఇస్తాయి. ధర ఎక్కువ పలికినప్పుడు కూడా, అదే ఏడాదిలో అదే రేటు యంత్రం మరొకటి కొంటే దాని ఖరీదు బ్లాకులో కలిసి ఆ మేరకు లాభాన్ని మింగేస్తుంది. అవసరం లేని యంత్రాన్ని పన్ను కోసం కొనమని అనడం లేదు. వచ్చే ఏడాది ఎలాగూ కొనాలనుకున్నది ఉంటే దాన్ని ఈ ఏడాదికి జరపడం లాభిస్తుంది.

ఐదో మెట్టు: మార్చి చివరా, ఏప్రిల్ మొదలా?

పాఠ్యపుస్తకం లెక్కల్లో ఐదో ఏడాది తరుగుదల పూర్తిగా తీసుకుని, అదే రోజు యంత్రాన్ని అమ్మేస్తారు. మన చట్టంలో అలా కుదరదు. అమ్మకం ఏ ఆర్థిక సంవత్సరంలో జరిగితే ఆ సంవత్సరంలో ముందు అమ్మకం ధరను తీసివేసి, మిగిలినదాని మీదే తరుగుదల కడతారు. బ్లాకు ఖాళీ అయితే ఆ ఏడాది తరుగుదలే లేదు.

ఒంటరి ప్రెస్సునే తీసుకుందాం. పత్తి పని ముగిసింది, 12 లక్షలకు కొనేవాడు దొరికాడు. మార్చి 28న అమ్మితే, ఐదో ఏడాది మొదట ఉన్న 20.88 లక్షల్లోంచి 12 లక్షలు పోగా 8.88 లక్షలు మూలధన నష్టం. ఐదో ఏడాది తరుగుదల సున్నా. ఏప్రిల్ 3న అమ్మితే, అప్పటికే ముగిసిన ఐదో ఏడాదిలో ప్రెస్సు పనిచేసింది కాబట్టి 3.13 లక్షల తరుగుదల జిన్నింగ్ లాభంలోంచి తగ్గుతుంది, మూలధన నష్టం 5.75 లక్షలకు దిగుతుంది. పనికిరాని నష్టంగా పోవలసిన 3.13 లక్షలు పనికొచ్చే తరుగుదలగా మారాయి. దాని పన్ను ఆదా సుమారు 97,700 రూపాయలు. 24 లక్షలకు అమ్మినప్పుడు మొత్తం పన్ను మారదు కాని, ఏప్రిల్‌లో అమ్మితే 3.13 లక్షల మినహాయింపు ముందు ఏడాదిలో వచ్చి, లాభం మీద పన్ను తరువాతి ఏడాదికి జరుగుతుంది.

దీనికోసం కాగితం మీద తేదీ మార్చడం పనికిరాదు. బిల్లు, ప్రెస్సు మిల్లు గేటు దాటిన రోజు, రవాణా పత్రం ఒకదానితో ఒకటి సరిపోవాలి.

ఆరో మెట్టు: ధరలోంచి పోయేవి, ధరలో కలపకూడనివి

ప్రెస్సును విప్పించే ఖర్చు, మధ్యవర్తి కమీషను అమ్మకం కోసమే పెట్టినవైతే మూలధన లాభం లెక్కలో తగ్గుతాయి. అంచనాలో కూడా వాటిని పన్ను కట్టే ముందే తీసివేయండి. కొన్నవాడి నుంచి వసూలు చేసే జీఎస్టీ మన ఆదాయం కాదు, దాన్ని ధరలో కలపవద్దు. అయితే కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే, అమ్మేటప్పుడు కట్టవలసిన జీఎస్టీ ధర మీద వచ్చేదాని కన్నా ఎక్కువ కావచ్చు. కొన్న కొద్దికాలానికే తక్కువ ధరకు అమ్మినవారికి ఈ తేడా తగులుతుంది, అప్పుడది మన జేబులోంచే పోతుంది. ప్రాజెక్టు చివర పత్తి నిల్వలోంచి, బాకీల నుంచి తిరిగి వచ్చే పెట్టుబడికి ఈ పన్ను సూత్రం వర్తించదు. దాన్ని వేరే వరసలో ఉంచండి.

ఏడో మెట్టు: పట్టికలో రాయడం, సరిచూడడం

12 శాతం చొప్పున ఐదేళ్ల తరువాతి రూపాయి నేటి విలువ 0.567. ఒంటరి ప్రెస్సు 24 లక్షలకు పోతే, పన్ను మరచినవారి పట్టికలో 13.62 లక్షలు కనిపిస్తాయి, నిజంగా ఉండవలసినది 12.51. 12 లక్షలకు పోతే, పాఠ్యపుస్తకం సూత్రం వాడినవారి పట్టికలో 7.83 లక్షలు ఉంటాయి, నిజంగా ఉండవలసినది 6.81. రెండుచోట్లా లక్షకు పైగా తేడా. ప్రాజెక్టు నికర విలువ ఒకటి రెండు లక్షల దగ్గర ఊగుతున్నప్పుడు, యూనిట్ పెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఈ ఒక్క వరసతోనే తారుమారవుతుంది.

పట్టిక పూర్తయ్యాక, సంస్థ గత ఏడాది ఆడిట్ నివేదికలోని తరుగుదల పట్టిక పక్కన పెట్టుకోండి. మీ 15 శాతం బ్లాకు ముగింపు విలువ అక్కడి అంకెతో కలవాలి. కలవకపోతే సాధారణంగా సగం తరుగుదల నిబంధననో, ఖరీదులో కలిసిపోయిన జీఎస్టీనో మరచి ఉంటారు. తరువాత, ప్రెస్సు అమ్మేశాక ఆ బ్లాకులో ఇంకా ఏ ఆస్తి మిగులుతుందో పేరు పెట్టి రాయండి. ఒక్క పేరైనా రాయగలిగితే మూడో మెట్టు గుణకం వాడాలి. రాయలేకపోతే నాలుగో మెట్టు లెక్క వేయాలి, అమ్మకం ధర తక్కువ వచ్చే సందర్భంలో పన్ను ఆదా గడిలో సున్నా పెట్టాలి.